బ్యాచ్ నంబరు ఒకటే, ప్యాకింగ్ తేదీలు రెండు: ఫొటో చూసి ఈ నెయ్యి అసలుదేనని చెప్పగలమా?

నేతిగిన్నె (విజయవాడ):

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన పేరున్న కంపెనీ ఆవు నెయ్యి లీటరు అట్టపెట్టెలను ముద్రించిన ధర కన్నా బాగా తక్కువకు అమ్ముతున్నారు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర మిగిలిపోయిన సరుకు కాబట్టి ఆ ధరకు వస్తోందని ఆయన అంటున్నారు. నేను రెండు పెట్టెలు తీసుకున్నాను, ఇంకా తెరవలేదు. ఈ ఫిబ్రవరి నెలాఖరులో ఇంట్లో వ్రతం ఉంది కనుక మరో నాలుగు తీసుకుందామనుకుంటూ, ముందుగా వీటి వివరాలు సరిచూడాలని రెండు పెట్టెల పైభాగాన్నీ ఫొటో తీశాను. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. పెట్టె మూత మీద చుక్కలుచుక్కలుగా పడిన అక్షరాలను ఉన్నదున్నట్టుగా కింద ఇస్తున్నాను.

```
పెట్టె 1            పెట్టె 2
B.No. CT1485       B.No. CT1485
PKD 28/05/25       PKD 16/07/25
USE BY 27/02/26    USE BY 15/07/26
MRP Rs.720.00      MRP Rs.720.00
```

రెండింటి మీదా పక్కన 675 రూపాయలు అని చిన్న స్టిక్కరు కూడా ఉంది. దాని వల్లే నాకు మొదట అనుమానం వచ్చింది. ఫొటోలను బట్టి ఇది అసలుదో కాదో తేల్చగలవారు ఉంటే దయచేసి చెప్పండి.

పరీక్షరాయుడు:

దీనికి ఇంత తర్జనభర్జన అవసరం లేదండీ. ఒక చెంచా నెయ్యి కరిగించి అందులో రెండు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. నీలంగా మారితే కల్తీ, మారకపోతే అసలు నెయ్యి. మా ఇంట్లో ఏ నెయ్యి తెచ్చినా ఇదే పద్ధతి.

కిరాణాకొట్టు (గుడివాడ):

నేను ఇరవై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ముందుగా ఆ స్టిక్కరు గురించి భయపడకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత సరుకు మీద తగ్గించిన ధరతో స్టిక్కరు వేసుకోవడానికి కంపెనీలకు అనుమతి ఇచ్చారు. 720లో నుంచి 12 శాతం పన్ను తీసేసి 5 శాతం కలిపి చూడండి, సరిగ్గా 675 వస్తుంది. అసలు ధర కనిపించేలా ఉంచి స్టిక్కరు పక్కన వేశారు కనుక అది పద్ధతి ప్రకారమే ఉంది. ధర పెంచుతూ వేసిన స్టిక్కరు అయితే మాత్రం ఒప్పుకోకూడదు.

ఇక అసలుదో కాదో తెలియాలంటే రెండే చూడాలి. బార్‌కోడు కింద అంకెలు 890తో మొదలైతే అది మన దేశంలో తయారైన నమోదిత సరుకు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు 14 అంకెలు ఉండి, వెబ్‌సైటులో కొడితే కంపెనీ పేరు వస్తే ఇక సందేహం అక్కర్లేదు. ఈ రెండూ సరిపోతే నిశ్చింతగా వాడుకోవచ్చు.

ప్యాకింగ్‌లైన్:

నేను ఒక డెయిరీలో నాణ్యతా విభాగంలో చాలాకాలం పనిచేశాను. ప్యాకింగు యంత్రం దగ్గర గంటకోసారి పెట్టెల మీద పడే బ్యాచ్, తేదీల కోడింగు చదివి రిజిస్టరులో రాయడం మా పనిలో భాగం కనుక, ఇలాంటి ఫొటోలు చూసినప్పుడు కన్ను దేని మీదికి పోవాలో కొంత తెలుసు.

పరీక్షరాయుడు గారు చెప్పిన అయోడిన్ పరీక్ష పిండిపదార్థాన్ని మాత్రమే పట్టిస్తుంది. బంగాళాదుంప గుజ్జు కలిపితే నీలం రంగు వస్తుంది కానీ వనస్పతి, పామాయిల్ కలిపితే ఏమీ తెలియదు. పైగా ఇక్కడ అడిగింది పెట్టె మీది వివరాల గురించి.

కిరాణాకొట్టు గారు స్టిక్కరు గురించి చెప్పింది పూర్తిగా నిజం. బార్‌కోడు విషయంలో మాత్రం నేను ఏకీభవించను. 890 అంటే ఆ నంబరును భారతదేశంలోని జీఎస్‌1 సంస్థ ద్వారా తీసుకున్నారని మాత్రమే అర్థం, సరుకు ఎక్కడ తయారైందో అది చెప్పదు. పైగా ఒకే కంపెనీ లీటరు ఆవు నెయ్యి పెట్టెలన్నింటి మీదా అదే బార్‌కోడు ఉంటుంది, అందులో బ్యాచ్ గానీ గడువు గానీ ఉండవు. అసలు పెట్టెను స్కాన్ చేసి దొంగ పెట్టె అచ్చు వేసేవాడికి ఆ గీతలు ఉచితంగా వస్తాయి. లైసెన్సు నంబరూ అలాగే వస్తుంది. నంబరు తప్పుగా ఉంటే అనుమానించాలన్నది సరే, నంబరు సరిగా ఉంటే అసలుదేనన్నది తప్పు.

కాబట్టి ఫొటోలో చూడవలసింది ఒక్కొక్క వివరం సరిగా ఉందా అని కాదు, ఆ వివరాలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని. పెట్టె మీద రెండు రకాల ముద్రలు ఉంటాయి. పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, పోషక విలువలు పెట్టె తయారైనప్పుడే అచ్చవుతాయి. బ్యాచ్, తేదీలు, ధర మాత్రం ప్యాకింగు జరిగే నిమిషంలో ఇంక్‌జెట్ యంత్రం చల్లుతుంది. దొంగసరుకైనా, తేదీ మార్చిన సరుకైనా సాధారణంగా ఈ రెండింటికీ మధ్యనే అతుకు కనిపిస్తుంది.

మీ ఫొటోల్లో నాకు వెంటనే తోచింది చెబుతాను. CT1485 అన్నప్పుడు చాలా డెయిరీల్లో మొదటి అక్షరాలు యూనిట్‌ను సూచిస్తాయి, తర్వాతి మూడు అంకెలు సంవత్సరంలో ఎన్నో రోజో చెబుతాయి, చివరి అంకె సంవత్సరం. జనవరి 31, ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30 కలిపితే 120, దానికి మే నెలలో 28 రోజులు కలిపితే 148. అంటే మొదటి పెట్టె మీది బ్యాచ్ నంబరుకూ ప్యాకింగు తేదీకీ పొందిక ఉంది. రెండో పెట్టె తేదీ జూలై 16, అది సంవత్సరంలో 197వ రోజు. అయినా బ్యాచ్ నంబరు 148 అనే చెబుతోంది. అన్ని కంపెనీలూ ఈ పద్ధతి పాటించవు కాబట్టి దీన్నే తీర్పుగా తీసుకోకండి. కానీ పద్ధతి ఏదైనా, 49 రోజుల తేడాతో ప్యాక్ చేసిన రెండు పెట్టెలకు ఒకే బ్యాచ్ నంబరు ఎందుకు ఉందన్న ప్రశ్నకు జవాబు కావాలి.

నేతిగిన్నె గారూ, మరికొన్ని ఫొటోలు పెట్టగలరా? పెట్టె వెనుక చిన్న అక్షరాల్లో యూనిట్ చిరునామాలు ఉంటాయి, అది ఒకటి కావాలి. గడువు గురించి అచ్చులో ఏమైనా రాసి ఉంటే అది కూడా. ఇంక్‌జెట్ ముద్ర ఉన్న చోటును మాత్రం ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టుకుని తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగి చుక్కలు కలిసిపోతాయి, 3కూ 8కీ తేడా తెలియదు. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది.

డాలస్‌పిన్ని:

మధ్యలో అడ్డుపడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు, మా దగ్గరి సంగతి కూడా ఇలాంటిదే. ఇక్కడి ఇండియన్ స్టోరులో జనవరిలో కందిపొడి కొన్నాను. ప్యాకెట్టు మీద `PKD 09/11/25` అని ఉంది. మన లెక్కలో నవంబరు 9, ఇక్కడి లెక్కలో సెప్టెంబరు 11. గడువు తేదీ ఉన్న చోట దిగుమతిదారు తెల్ల స్టిక్కరు అతికించారు. ఇందులో ఏ తేదీ నమ్మాలి? అలా గడువు మీద స్టిక్కరు వేస్తే అది నకిలీ కింద లెక్కేనా?

నేతిగిన్నె:

ప్యాకింగ్‌లైన్ గారికి ధన్యవాదాలు. అడిగిన ఫొటోలు పెట్టాను. చదవగలిగినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

వెనుక వైపు, తయారీ యూనిట్ తెలుసుకోవడానికి బ్యాచ్ నంబరులోని మొదటి రెండు అక్షరాలు చూడండి అని ఉంది. దాని కింద మూడు యూనిట్లు ఉన్నాయి. GN గుంటూరు జిల్లా, CT చిత్తూరు జిల్లా, HY హైదరాబాదు శివారు. ప్రతిదానికీ వేరే లైసెన్సు నంబరు ఇచ్చారు. CT ఎదురుగా ఉన్నది 100తో మొదలవుతోంది, HY ఎదురుగా ఉన్నది 136తో. అచ్చులో ప్యాకింగు తేదీ నుంచి తొమ్మిది నెలల లోపు వాడితే శ్రేష్ఠం అని రెండు పెట్టెల మీదా ఒకేలా ఉంది.

ఏటవాలు వెలుతురులో తీసినప్పుడు ఒక విషయం గమనించాను. రెండో పెట్టె మీద తేదీల వరుసలు రెండూ ఉన్న చోట అట్ట మెరుపు కొంచెం తగ్గినట్టుంది. అదే చోట లేత బూడిదరంగు నీడలాగా కూడా ఉంది. ఇది దుమ్మేమోనని తుడిచాను, పోలేదు.

ప్యాకింగ్‌లైన్:

ఫొటోలు చాలా స్పష్టంగా ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

లైసెన్సు నంబర్లలో తప్పు కనిపించడం లేదు. మొదటి అంకె 1 అంటే లైసెన్సు, 2 అంటే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషను. తర్వాతి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కు 01, తెలంగాణకు 36. ఆ చోట 00 ఉంటే కేంద్ర లైసెన్సు. పెద్ద డెయిరీలు కేంద్ర లైసెన్సు కిందికే వస్తాయి కాబట్టి చిత్తూరు యూనిట్‌కు 100 ఉండడం సహజం. నాలుగు, అయిదు అంకెలు లైసెన్సు ఇచ్చిన సంవత్సరాన్ని సూచిస్తాయి. చిత్తూరు చిరునామా ఎదురుగా 136 ఉండి ఉంటే అప్పుడు ఆగి ఆలోచించేవాణ్ని. foscos.fssai.gov.in లో ఆ నంబరు కొట్టినప్పుడు పేరు ఒక్కటే చూసి మూసేయకుండా, చిరునామా పెట్టె మీది చిరునామాతో కలుస్తుందా, అది తయారీదారు లైసెన్సా లేక కేవలం వ్యాపారి లైసెన్సా, ఇంకా చెల్లుబాటులో ఉందా అన్నవి చూడండి.

గడువు దగ్గరే చిక్కు ఉంది. అచ్చులో తొమ్మిది నెలలు అని ఉంది. మొదటి పెట్టెకు మే 28 నుంచి ఫిబ్రవరి 27 వరకు, సరిగ్గా తొమ్మిది నెలలు. రెండో పెట్టెకు జూలై 16 నుంచి మరుసటి జూలై 15 వరకు, ఏడాది. ఒకే అచ్చు ఉన్న పెట్టె మీద ఇంక్‌జెట్ యంత్రం ఏడాది గడువు ఎందుకు వేస్తుంది? ప్యాకింగు మొదలుపెట్టేటప్పుడు యంత్రంలో గడువును రోజూ చేత్తో లెక్కగట్టి ఎక్కించరు. ఆ సరుకుకు ఎన్ని నెలలో ముందే ఉంటుంది, తేదీని అదే వేసుకుంటుంది.

ఇప్పుడు రెండో పెట్టె ముద్రను దగ్గరగా చూడండి. మొదటి వరుస, నాలుగో వరుస చుక్కలు సన్నగా, కొంచెం కుడివైపు వాలి ఉన్నాయి. కన్వేయరు వేగంతో కదులుతున్న పెట్టె మీద ముద్ర పడితే ఆ వాలు వస్తుంది. మొదటి పెట్టెలో నాలుగు వరుసలూ అలాగే ఉన్నాయి. రెండో పెట్టెలో తేదీల వరుసలు మాత్రం నిటారుగా, చుక్కలు లావుగా ఉన్నాయి. పైగా PKDలోని P మిగతా వరుసల మొదటి అక్షరాల కన్నా ఒక చుక్క మేర ఎడమకు జరిగింది. మీరు చెప్పిన నీడ దుమ్ము కాదు. ఇంక్‌జెట్ సిరా ద్రావకంతో తుడిస్తే పోతుంది, కానీ దానితోపాటు అట్ట మీది వార్నిషు కూడా కొంత లేచిపోయి మెరుపు తగ్గుతుంది.

నా అంచనా ఇది. మొదటి పెట్టె మీది వివరాల్లో వైరుధ్యం లేదు. రెండో పెట్టె కూడా బహుశా అదే రోజున, అదే యూనిట్‌లో తయారై, ఫిబ్రవరి 27తో గడువు ముగిసేదే. అమ్ముడుపోని సరుకుకు గడువు దగ్గరపడిందని ఎవరో తేదీలు చెరిపి కొత్తవి వేశారు. బ్యాచ్ నంబరులో కూడా తేదీ ఉంటుందని తెలియక దాన్ని వదిలేశారు. నిజమైతే ఇది కంపెనీ పేరుతో చేసిన నకిలీ నెయ్యి కాదు, అసలు నెయ్యికి నకిలీ తేదీ.

డాలస్‌పిన్ని గారూ, మన దేశంలో అమ్మే ప్యాకెట్ల మీద రోజు, నెల, సంవత్సరం అన్న వరుసే ఉంటుంది. మీది ఎగుమతి ప్యాకింగు అయితే మీ దేశపు వరుసలో వేసి ఉండవచ్చు. రెండు అంకెల్లో ఒకటి 12 దాటితే చిక్కు లేదు, మీకు దాటలేదు. బ్యాచ్ నంబరు చూడండి. అందులో 254 కనిపిస్తే సెప్టెంబరు 11 అనీ, 313 కనిపిస్తే నవంబరు 9 అనీ అనుకోవచ్చు, ఆ కంపెనీ రోజుల లెక్క వాడుతుంటే. దిగుమతిదారు స్టిక్కరు ఉండడం తప్పు కాదు, కానీ అసలు గడువును కప్పేయడం నాకు నచ్చదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే కింద ఉన్నది కనబడుతుందేమో చూడండి.

కిరాణాకొట్టు:

ప్యాకింగ్‌లైన్ గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట. ఇన్నేళ్లలో ఒకే బ్యాచ్ నంబరుతో రెండు వేర్వేరు తేదీలున్న పెట్టెలు నా కొట్టుకే వచ్చాయి, నేరుగా కంపెనీ వాహనంలోనే. అవన్నీ దొంగవేనంటారా? అలాగే కంపెనీలు గడువును తొమ్మిది నెలల నుంచి ఏడాదికి పెంచుకుంటూ ఉంటాయి. పాత అచ్చు పెట్టెలు అయిపోయేదాకా అవే వాడతారు కదా. నిటారు చుక్కలంటే వేరే యంత్రం మీద వేశారేమో. ఒక వ్యాపారి పేరు చెడగొట్టే ముందు ఇవన్నీ ఆలోచించాలి.

ప్యాకింగ్‌లైన్:

న్యాయమైన ప్రశ్నలే. ఒకే బ్యాచ్‌కు రెండు తేదీలు రావచ్చు. కొన్ని కంపెనీల్లో ఒక ట్యాంకులో కాచిన నెయ్యంతా ఒకే బ్యాచ్, దాన్ని రెండు మూడు రోజుల పాటు ప్యాక్ చేస్తారు. మీకు వచ్చిన పెట్టెల్లో తేడా అంతే ఉండి ఉంటుంది. 49 రోజులు ఒకే ట్యాంకు నెయ్యి ప్యాక్ అవుతూ ఉండడం నేను చూడలేదు. అలా జరగదని ప్రమాణం చేయలేను గానీ, జరిగితే ఆ బ్యాచ్ నంబరు పెట్టుకున్న ప్రయోజనమే పోతుంది, ఎందుకంటే ఫిర్యాదు వచ్చినప్పుడు ఏ సరుకును వెనక్కి పిలవాలో తెలియదు.

గడువు పెంచారన్నది సాధ్యమే. అప్పుడు అచ్చులో తొమ్మిది నెలలు అని వదిలేయడం లేబులు తప్పు అవుతుంది, అయినా అలాంటివి జరుగుతాయి. వేరే యంత్రం అన్నది మాత్రం కుదరదు. వేరే యంత్రమైతే నాలుగు వరుసలూ దానివే కావాలి. నాలుగు వరుసలూ ఒకే దెబ్బకు పడతాయి, ఒక్కొక్క వరుస వేయరు. పై వరుస, కింది వరుస ఒక యంత్రానివీ, మధ్య రెండూ మరొకదానివీ కావడానికి నాకు ఒకటే కారణం కనిపిస్తోంది.

ఎవరు చేశారన్నది ఫొటో చెప్పదు. అపార్ట్‌మెంటులో అమ్మినాయనకు ఏమీ తెలియకపోవచ్చు.

పరీక్షరాయుడు:

అయితే పెట్టె తెరిచి లోపలి కవరు చూస్తే సరిపోతుంది కదా? నెయ్యి లోపల ప్లాస్టిక్ కవరులోనే ఉంటుంది, దాని మీద కూడా తేదీ వేస్తారు. వాసన కూడా చూడవచ్చు, పాత నెయ్యి అయితే ముక్కిన వాసన వస్తుంది.

ప్యాకింగ్‌లైన్:

లోపలి కవరు చూడమనడం మంచి ఆలోచన, నేనే ముందు చెప్పవలసింది. తేదీ మార్చేవాళ్లు పెట్టె మూతను తుడుస్తారు కానీ, మూత చిరగకుండా తెరిచి లోపలి కవరునూ తుడిచి మళ్లీ అంటించే శ్రమ పడరు. వాసన మాత్రం ఆధారం కాదు. కవరు చెదరకుండా ఉంటే గడువు దాటిన మరునాడే నెయ్యి చెడిపోదు, మంచి వాసనే రావచ్చు. వాసన బాగుందని తేదీ నిజమైపోదు.

తూకంరాళ్లు:

ఒక్క నిమిషం ఆగండి. రెండో పెట్టె తెరవమనే ముందు, తర్వాత ఫిర్యాదు చేసే ఉద్దేశం ఉందో లేదో తేల్చుకోవాలి. తెరిచిన పెట్టెను ఆహార భద్రతా అధికారికి చూపిస్తే, లోపలి కవరు మీరే మార్చలేదని ఎలా నమ్మాలని అమ్మినవాడు అడుగుతాడు. తెరవక తప్పదనుకుంటే ముద్ర లేని వైపు మూత మాత్రమే విప్పండి, విప్పుతున్నంతసేపూ ఆపకుండా వీడియో తీయండి, లోపలి కవరును కోయకండి. రెండు పెట్టెలూ ఆ గ్రూపులోనే కొన్నారన్నదానికి చెల్లింపు రసీదు, వాట్సాప్ సంభాషణ స్క్రీన్‌షాట్లు దాచుకోండి. బిల్లు లేకుండా కొనడమే ఇక్కడ అసలు బలహీనత.

ఫిర్యాదుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఉచిత నంబరు 1800112100 ఉంది, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫొటోలు కూడా జతచేయవచ్చు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షను ప్రకారం కొన్నవారు కూడా రుసుము కట్టి ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. కానీ ఆ పరీక్ష నెయ్యిలో ఏముందో చెబుతుంది, పెట్టె మీద తేదీ ఎవరు మార్చారో చెప్పదు. తేదీ వ్యవహారానికి కంపెనీ రికార్డే ఆధారం.

డాలస్‌పిన్ని:

ప్యాకింగ్‌లైన్ గారూ, వెలుతురుకు పట్టుకుని చూశాను. ప్యాకెట్టు లోపలివైపు వెండిపూత ఉండడం వల్ల ఏమీ కనబడలేదు. బ్యాచ్ నంబరు సగం కూడా ఆ స్టిక్కరు కిందే ఉంది, బయటికి కనిపిస్తున్నది చివరి 5 ఒక్కటే. స్టోరు వాళ్లను అడిగితే దిగుమతిదారును అడగమన్నారు. దిగుమతిదారుకు ఈమెయిలు పంపాను, జవాబు రాలేదు.

ప్యాకింగ్‌లైన్:

స్టిక్కరు మీద హెయిర్ డ్రయ్యరు కొద్దిసేపు పెట్టి మూల నుంచి నెమ్మదిగా లాగితే లేవవచ్చు. కింద సిరా కూడా దానితో లేచిపోయే ప్రమాదం ఉంది కనుక ముందు ఫొటో తీసి ఉంచుకోండి. అదీ కుదరకపోతే ముందు వచ్చే తేదీని నిజమనుకుని లెక్కవేసుకోవడం తప్ప నాకు మరో దారి తోచడం లేదు.

నేతిగిన్నె గారికి ఒక సూచన. కంపెనీకి ఫోను చేసేటప్పుడు ఈ పెట్టె మీది వినియోగదారుల నంబరు కాకుండా, కంపెనీ వెబ్‌సైటులో ఉన్న నంబరు తీసుకోండి. పూర్తి నకిలీ పెట్టెల మీద వాళ్ల మనిషి నంబరే అచ్చు వేసిన సందర్భాలు ఉంటాయి. ఇది అసలుదేనా అని అడిగితే అవుననో కాదనో పొడిగా చెప్పి పెట్టేస్తారు. CT1485 అనే బ్యాచ్ లీటరు పెట్టెల్లో ప్యాక్ అయిందా, జూలై 16 తేదీతో ఆ బ్యాచ్ ఉందా అని రెండు ప్రశ్నలుగా అడగండి. అవి రిజిస్టరు చూసి చెప్పవలసిన ప్రశ్నలు.

నేతిగిన్నె:

అందరి సలహాలూ పాటించాను, ఇప్పటివరకు జరిగింది రాస్తున్నాను.

వీడియో తీస్తూ రెండో పెట్టె అడుగు మూత విప్పాను. లోపలి కవరు మీద ముద్ర అంచు అతికించిన మడత మీద పడింది, సగం నలిగిపోయింది. పై వరుసలో `T148` వరకు తెలుస్తోంది. తేదీల వరుసల్లో మొదటిది అసలు కనిపించడం లేదు, రెండోదానిలో చివర `02/26` స్పష్టంగా ఉంది. మొదటి పెట్టెను తెరవలేదు.

కంపెనీ వారికి వెబ్‌సైటులో ఉన్న నంబరుకు ఫోను చేశాను. మొదట మాట్లాడినావిడ లైసెన్సు నంబరు సరిపోయింది కాబట్టి అసలుదేనన్నారు. ప్యాకింగ్‌లైన్ గారు చెప్పిన రెండు ప్రశ్నలు అడిగాక నాణ్యతా విభాగానికి పంపించారు. వాళ్లు ఫొటోలు ఈమెయిలులో తెప్పించుకుని, ఆ బ్యాచ్ తమదేననీ, మే నెలలో ప్యాక్ అయిందనీ చెప్పారు. జూలై తేదీ గురించి అడిగితే, పరిశీలించి చెబుతామనీ, పెట్టెను తమ ప్రతినిధికి ఇవ్వమనీ అన్నారు. ఇవ్వాలా వద్దా తెలియడం లేదు.

అమ్మినాయనను అడిగితే తనకు పెట్టెలు ఇలాగే వచ్చాయనీ, కావాలంటే డబ్బు వెనక్కి ఇస్తాననీ అన్నారు. ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం చెప్పలేదు. గ్రూపులో మరో ఇద్దరు తమ పెట్టెల ఫొటోలు పెట్టారు. ఒకటి నా మొదటి పెట్టెలాంటిదే, రెండోది నా రెండో పెట్టెలాంటిదే, అదే బ్యాచ్, అదే జూలై తేదీ.

తూకంరాళ్లు:

పెట్టెను కంపెనీ ప్రతినిధికి ఇచ్చేయకండి. ఇస్తే మీ చేతిలో ఫొటోలు తప్ప ఏమీ మిగలదు. ఆయనను ఇంటికి రమ్మని, చూసి, ఫొటోలు తీసుకుని వెళ్లమనండి. ముందు ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు నమోదు చేసి ఆ సంఖ్యను కంపెనీకి కూడా చెప్పండి. మీ గ్రూపులో రెండో రకం పెట్టె ఉన్నవారు దాన్ని తెరవకుండా ఉంటే, అధికారి ఎదుట తెరవడానికి మీ పెట్టె కన్నా అదే మంచి ఆధారం.

కిరాణాకొట్టు:

లోపలి కవరు మీద 02/26 ఉందంటే నేను ఇక వాదించను. కానీ కంపెనీ ప్రతినిధి విషయంలో తూకంరాళ్లు గారి మాట నాకు అతిగా అనిపిస్తోంది. ఇలాంటి పని సాధారణంగా మధ్యలో గోడౌన్లలో జరుగుతుంది, కంపెనీకి కూడా అది పట్టుకోవాలనే ఉంటుంది. ఈ పెట్టెలన్నీ సర్ది పంపే పెద్ద కార్టన్ మీది నంబరు దొరికితే ఏ డిస్ట్రిబ్యూటరుకు వెళ్లిందో వాళ్లు నిమిషాల్లో చెప్పగలరు. మీ అమ్మకందారు దగ్గర ఖాళీ కార్టన్లు ఇంకా ఉన్నాయేమో కనుక్కోండి.

నేతిగిన్నె:

ఖాళీ కార్టన్ ఒకటి మా సెల్లార్‌లో చెత్త దగ్గర దొరికింది. దాని మీది లేబులు చింపేసి ఉంది, మూల మీద `CT1485`, `12 X 1L` అన్నవి మాత్రం మిగిలాయి. ఫొటో తీసి ఫిర్యాదుకు జతచేశాను. ఫిర్యాదు సంఖ్య వచ్చింది, అధికారి ఇంకా ఫోను చేయలేదు. కంపెనీ ప్రతినిధి సోమవారం వస్తామన్నారు, పెట్టె ఇవ్వకుండా చూపించి పంపుదామనుకుంటున్నాను. తెరవని పెట్టె తన దగ్గర ఉందని మూడో అంతస్తు ఆవిడ చెప్పారు, దాన్ని అలాగే ఉంచమని అడిగాను.

ప్యాకింగ్‌లైన్:

ఆ ఆవిడ పెట్టెను ఫ్రిజ్‌లో పెట్టవద్దని చెప్పండి. తడి తగిలితే అట్ట మీద తుడిచిన గుర్తు కనిపించకుండా పోతుంది. ప్రతినిధి వచ్చినప్పుడు రెండు పెట్టెల ముద్రలనూ పక్కపక్కన పెట్టి, భూతద్దంతో మధ్య వరుసలు చూడమనండి. ఆ లావు చుక్కలు చేతిలో పట్టుకుని వాడే చిన్న కోడింగు యంత్రానివని నా అనుమానం. అవునో కాదో ఆయన చెప్పగలరు, ఇక్కడ రాయగలిగితే రాయండి.

డాలస్‌పిన్ని:

స్టిక్కరు సగం వరకు వచ్చింది. కింద `USE BY 08/` వరకు కనిపిస్తోంది, మిగతాది స్టిక్కరుతోనే లేచిపోయింది. ఎనిమిది అంటే రోజా, నెలా?

ప్యాకింగ్‌లైన్:

వరుస తెలియనప్పుడు ఆ ఒక్క అంకెతో చెప్పలేమండీ. ప్యాకెట్టు మీద అచ్చులో ఎన్ని నెలల్లో వాడాలో రాసి ఉందా? ఉంటే ఆ మాటలు ఉన్నదున్నట్టుగా ఇక్కడ పెట్టండి. నవంబరు 9 నుంచి తొమ్మిది నెలలైతే గడువు మరుసటి ఆగస్టు 8. రోజు ముందు వేసినా నెల ముందు వేసినా అది 08తోనే మొదలవుతుంది. సెప్టెంబరు 11 నుంచైతే జూన్ 10 అవుతుంది, అది 08తో మొదలు కాదు. కానీ గడువు పదకొండు నెలలో, మరొకటో అయితే ఈ లెక్క మారిపోతుంది.

డాలస్‌పిన్ని:

అలాంటి మాట అచ్చులో ఎక్కడా కనిపించలేదు. అదే కందిపొడి ప్యాకెట్టు మా చెల్లి హైదరాబాదులో వాడుతుంది, అక్కడి దాని మీద రెండు తేదీలూ ఫొటో తీసి పంపమన్నాను.